ఈస్టర్ ఉదయం పాట: దుఃఖం నుంచి సంతోషానికి మలుపు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా సంఘంలో ఈసారి ఈస్టర్ ఉదయం ఆరాధనకి కొత్త పాట రాయమని పాస్టర్ గారు నాకు అప్పజెప్పారు. దుఃఖంతో మొదలై సంతోషంతో ముగియాలన్నారు. మొదటి రెండు చరణాలు సిలువ, రక్తం, మేకుల మీద రాశాను, తర్వాతి రెండు పునరుత్థానం మీద. పాడి చూస్తే రెండు వేరే పాటలు అతికించినట్టు ఉంది. ఎలా కలపాలి? ట్యూన్ కూడా మధ్యలో మార్చాలా? (ఉప్పల్, హైదరాబాద్)

జవాబు:

వందనాలండి. సూటిగా చెప్పేస్తాను. సిలువను ఈ పాటలోంచి తీసేయండి. ట్యూన్ మార్చకండి, అందులో ఒక్క స్వరం మార్చండి. మలుపు ఒకే ఒక్క మాట దగ్గర రావాలి. ఆ మాట యోహాను 20వ అధ్యాయంలో మీకోసం సిద్ధంగా ఉంది.

సికింద్రాబాద్ వైపు సంఘాల్లో చాలా ఏళ్లుగా కొయిర్ నేర్పిస్తూ, పాటలు రాస్తూ ఉన్నాను. ఈస్టర్ పాటలు నా దగ్గరికి దిద్దడానికి వస్తే తొంభై శాతం మీ పాటలాగే ఉంటాయి: సగం శుభ శుక్రవారం, సగం పునరుత్థానం. చిక్కు ఎక్కడంటే, సిలువ దగ్గర ఏడ్చే మనిషి వేరు, సమాధి దగ్గర సంతోషించే మనిషి వేరు అయిపోతున్నారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం తెల్లవారుజాముకి పాట ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతే మీకు అతుకులా వినిపిస్తోంది.

ఆ ఉదయానికి దాని దుఃఖం దానికుంది. మగ్దలేనే మరియ ఇంకా చీకటిగా ఉండగానే వచ్చింది, రాయి తొలగి ఉంది, దేహం లేదు. ఆమె ఏడుపు ఆ దేహం కనబడనందుకు. దేవదూతలు ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతారు. తర్వాత యేసు కూడా అదే ప్రశ్న అడుగుతాడు. ఆమె ఆయన్ని తోటమాలి అనుకుంటుంది. ఆయన "మరియా" అంటాడు, ఆమె "రబ్బూని" అంటుంది. ఒకే మనిషి, ఒకే తోట, అదే తెల్లవారుజాము. ఏడ్చిన మనిషే సంతోషిస్తుంది కాబట్టి అతుకు వేయాల్సిన అవసరమే రాదు.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో సమాధుల తోటలో సూర్యోదయ ఆరాధన పెట్టే సంఘాలు ఉన్నాయి. చర్చిలోనే జరిగినా, ఆ ఏడాది ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్లు బెంచీల్లో కూర్చునే ఉంటారు. వాళ్లకి మేకులు, కొరడాల కన్నా, ఉండాల్సిన చోట మనిషి లేకపోవడం బాగా తెలుసు. మరియ దుఃఖం అదే.

పల్లవి రెండుసార్లు రెండు రకాలుగా వినబడాలి

మన పాటల కట్టుబడి ప్రకారం ప్రతి చరణం తర్వాత పల్లవికి రావాల్సిందే. పల్లవి పూర్తిగా దుఃఖంగా ఉంటే చివర్లో పనికిరాదు. పూర్తిగా సంతోషంగా ఉంటే మొదట్లోనే గుట్టు రట్టవుతుంది. అందుకని పల్లవిగా ప్రశ్న పెట్టుకోవడం మేలు. ఈ అధ్యాయంలో ఆ ప్రశ్న రెండుసార్లు ఉంది కదా, నేను దాన్నే పల్లవి చేశాను:

*ఎందుకమ్మా ఏడ్చుచుంటివి*
*ఎవరికోసం వెదకుచుంటివి*

మొదట ఇది అయ్యో పాపం అన్నట్టు వినిపిస్తుంది. మలుపు తర్వాత అవే మాటలు "ఇంకా ఎందుకమ్మా?" అని పలకరించినట్టు వినిపిస్తాయి. ఒక్క అక్షరం మార్చలేదు.

మీరు ఏ పల్లవి రాసుకున్నా ఒక జాగ్రత్త తీసుకోండి: "ఏడవకు" అని మాత్రం రాయకండి. యోహాను 20లో ప్రభువు మరియను ఏడవవద్దని ఎక్కడా అనలేదు. అడిగాడు, తర్వాత పేరు పెట్టి పిలిచాడు. నెల క్రితం భర్తను పోగొట్టుకున్న ఆవిడ ముందు నిలబడి నూట యాభై మంది "ఏడవకు, ఏడవకు" అని పాడితే అది ఓదార్పుగా ఉండదు.

నడక

పై పాదాలు పలికి చూడండి. "ఎందు" మూడు మాత్రలు, "కమ్మా" నాలుగు. "ఏడ్చు" మూడు, "చుంటివి" నాలుగు. అంటే మూడు-నాలుగు, మూడు-నాలుగు, పాదానికి 14 మాత్రలు. ముత్యాలసరం నడక ఇదే, తాళం మిశ్రచాపు. ఈ నడక పట్టుకోవడానికి నాకు మూడు కారణాలున్నాయి. మెల్లగా పాడితే ఏడుపులో ఊపిరి ఆగి ఆగి వచ్చినట్టు ఉంటుంది. కాస్త వేగం పెంచితే అదే నడక జానపదంలా చప్పట్లకి వస్తుంది. కాబట్టి మధ్యలో తాళం మార్చక్కర్లేదు. మూడో కారణం, "హల్లెలూయా" కూడా ఇందులో అచ్చంగా ఇమిడిపోతుంది: "హల్లె" మూడు, "లూయా" నాలుగు.

ఆ హల్లెలూయాని చివరిదాకా దాచండి. రోమన్ కేథలిక్ ఆరాధనలో శ్రమల కాలమంతా హల్లెలూయా పాడరు, ఈస్టర్‌కే తిరిగి అందుకుంటారు. మీ సంఘంలో ఆ ఆచారం లేకపోయినా పాటలో ఈ కిటుకు పనిచేస్తుంది. మొదటి చరణం నుంచే ప్రతి పాదం చివర హల్లెలూయా తగిలిస్తే పాట ఎటూ కదలదు.

ఇప్పుడు చరణాలు. మొదటి రెండూ మరియ నోట:

*చీకటుండగ తోటకొచ్చితి*
*రాయి తొలగెను, దేహమేదీ*
*ఎత్తుకెళ్ళిన దెవరొ తెలియదు*
*ఎక్కడుంచిరొ తెలియదయ్యా*

*తోటమాలీ చెప్పుమయ్యా*
*నీవు మోసుకు పోతివేమో*
*చోటు చూపిన చాలునయ్యా*
*నేనె ఎత్తుకు పోదునయ్యా*

ఇందులో కన్నీటి సముద్రాలు, గుండె మంటలు లేవని గమనించండి. దుఃఖం అనే మాటే లేదు. "నేనె ఎత్తుకు పోదునయ్యా" అన్న చోట, ఒక ఆడమనిషి ఒంటరిగా ఒక మగమనిషి శవాన్ని మోసుకుపోతానంటోంది. అది జరిగే పనేనా? ఆ పాదం దగ్గర జనం గొంతు దానంతటదే తగ్గుతుంది. విశేషణాలు ఎన్ని పేర్చినా అంత పని జరగదు.

సువార్తలను కలిపేయకండి కూడా. సుగంధ ద్రవ్యాలు తెచ్చిన స్త్రీలు, "రాయి ఎవరు పొర్లిస్తారు" అనుకోవడం మార్కులో ఉంది. ఎమ్మాయు దారి లూకాలో ఉంది. అన్నీ మంచివే. అన్నీ ఒకే పాటలోకి లాగితే ఏడుస్తున్నది ఎవరో తెలియకుండా పోతుంది.

మలుపు తర్వాతి చరణం:

*పేరు పిలిచెను, గుర్తు పడితిని*
*నడిచి వచ్చెను నాదు ప్రభువే*
*మోసుకెళ్ళే పనియె లేదిక*
*పోయి చెప్పెద సోదరులకూ*

మూడో పాదం చూడండి. సంతోషం చెప్పే చరణం దుఃఖ చరణంలోని ఒక వస్తువుకో పనికో జవాబు చెప్పాలి. అక్కడ "నేనె ఎత్తుకు పోదును" అంది, ఇక్కడ "మోసుకెళ్ళే పనియె లేదిక" అంటోంది. మీ పాట అతికినట్టు ఉండటానికి ఇదే అసలు కారణమని నా అనుమానం. మీ మూడో చరణం మీ మొదటి చరణంలోని దేనికీ జవాబు చెప్పట్లేదేమో చూసుకోండి. "మరణపు ముల్లు విరిచెను", "విజయ రాజు లేచెను" లాంటి పాదాలు తప్పు కావు గానీ, ఏ ఈస్టర్ పాటలో పెట్టినా సరిపోతాయి. ఈ పాటకే చెందిన పాదం ఒక్కటైనా ఉండాలి.

"మోసుకెళ్ళే" వాడుక మాట, "చుంటివి" పాతకాలపు మాట, రెండూ కలిపేశావేమిటని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మన బైబిలు భాష చెవిలో ఉన్న జనం ఇంటి భాషలోనే ఏడుస్తారు, నవ్వుతారు. నాకైతే అభ్యంతరం లేదు. మీకు ఇబ్బందిగా ఉంటే "మోసుకెళ్ళెడి" అని మార్చుకోండి, మాత్రలు సరిపోతాయి.

రాగం: ఒక్క గాంధారం

మీ రెండో ప్రశ్న ఇది. మధ్యలో కొత్త ట్యూన్ వస్తే జనం ఆగిపోతారు. అది ఈస్టర్ ఉదయం, సంవత్సరానికి ఒక్కసారి వచ్చే పాట. రెండు ట్యూన్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేయడం చూసే ఉంటారు. ఆ పద్ధతిలోనే పరిష్కారం ఉంది.

మొదటి భాగం శివరంజని: స రి గ ప ద. రెండో భాగం మోహన: స రి గ ప ద. రాతలో రెండూ ఒకటే. తేడా అంతా గాంధారంలోనే ఉంది. శివరంజనిలో సాధారణ గాంధారం, మోహనలో అంతర గాంధారం. కీబోర్డు మీద షడ్జం సి అనుకుంటే, ఇ-ఫ్లాట్ బదులు ఇ నొక్కడం, అంతే. ట్యూన్ అదే, ఎక్కే దిగే చోట్లు అవే, మాటలు అవే. ఒక్క మెట్టు జరిగేసరికి పల్లవి ముఖం మారిపోతుంది.

అయితే ఆ గాంధారం బరువైన చోట పడాలి. తేలిపోయే చోట పడితే మారినట్టే తెలియదు. నా పల్లవి మొదటి పాదం ఇలా ఉంటుంది (కామా అంటే ఆ స్వరం మీద ఇంకో మాత్ర నిలవడం):

ఎం(స ,) దు(రి) | క(గ ,) మ్మా(గ ,) | ఏ(ప ,) డ్చు(ద) | చుం(ప ,) టి(గ) వి(రి)

"కమ్మా" నాలుగు మాత్రలూ గాంధారం మీదే నిలబడతాయి. మొదటిసారి అది శివరంజని గాంధారం, చివరిసారి మోహన గాంధారం. సంగీతం రాని బామ్మగారికి కూడా అక్కడ ఏదో మారిందని తెలుస్తుంది.

మలుపు ఇలా కట్టాను. రెండో చరణం అయ్యాక పల్లవికి రాకూడదు. జనం అలవాటుగా పల్లవి అందుకోబోతారు, కొయిర్ చేయి చూపి ఆపాలి. ఒక తాళావర్తం ఖాళీ. తర్వాత ఒక్క మగ గొంతు, వాయిద్యం లేకుండా, "మరియా": స, రి, అంతర గాంధారం. పాటలో ఆ గాంధారం వినబడటం అదే మొదటిసారి. దానికి కొయిర్‌లోని స్త్రీలు "రబ్బూని" అని ప, ద, పై స మీద జవాబిస్తారు. వెంటనే మూడో చరణం మోహనలో, దాని తర్వాత పల్లవి సంఘమంతా, చివర హల్లెలూయాలు.

ఇక్కడ ఎక్కువగా పాడు చేసేది కీబోర్డు. వాయించే అబ్బాయి ఎడమ చేత్తో సి-మైనర్ కార్డ్‌ని అలాగే పట్టుకుని ఉంటాడు. పైన గాయకుడు అంతర గాంధారం పాడతాడు, కింద ఇ-ఫ్లాట్ మోగుతూ ఉంటుంది. రెండూ కొట్టుకుని, గాయకుడే శ్రుతి తప్పాడని అందరూ అనుకుంటారు. అందుకే "నేనె ఎత్తుకు పోదునయ్యా" అయ్యేసరికి రెండు చేతులూ ఎత్తేయమనండి. కావాలంటే స, ప మాత్రమే సన్నగా మోగనివ్వండి. ఆ రెంటిలో గాంధారం ఉండదు కాబట్టి ఏ పక్షమూ పట్టవు. సి-మేజర్ "రబ్బూని" తర్వాతే.

రెండో ప్రమాదం రిథమ్ ప్యాడ్. చాలామందికి నాలుగు లెక్కే చేతికి అలవాటు. వాళ్లు 7/8 ని తెలియకుండానే ఎనిమిది చేసేస్తారు. గుర్తుపట్టడం తేలిక: "ఎందు కమ్మా" కాస్తా "ఎందూ కమ్మా" అయిపోతుంది. ప్రాక్టీసులో ఇది వినబడితే ప్యాడ్ ఆపేసి చేతులతో మూడు, రెండు, రెండుగా చప్పట్లు కొట్టించండి. అప్పటికీ రాకపోతే పట్టుబట్టకండి, ఎనిమిదిలోనే పాడనివ్వండి. ఏడుపు నడక కొంత పోతుంది గానీ మలుపు పోదు, ఎందుకంటే అది గాంధారం మీద ఉంది.

శ్రుతి ఒకటి, అంటే సి, దాటకండి. తెల్లవారుజామున ఐదు గంటలకి గొంతులు లేవవు. పాట మొత్తం పై షడ్జం మించి వెళ్లకూడదు. సంతోషం వచ్చింది కదా అని చివర్లో శ్రుతి పెంచే అలవాటు కొన్ని కొయిర్లకి ఉంది. అలా చేస్తే కొయిర్ ఒక్కటే పాడుతుంది, సంఘం వింటుంది. వేగం మాత్రం కొంచెం పెంచుకోవచ్చు. మొదట నిమిషానికి 120 మాత్రలు, మలుపు తర్వాత 150 నాకు సరిపోయాయి. పాట మొత్తం మూడు నిమిషాల పైచిలుకు వస్తుంది.

శివరంజని అంటే సినిమా ఏడుపు గుర్తొస్తుందని కొందరంటారు. నిజమే, గమకాలు లాగితే అలాగే ఉంటుంది. స్వరాలు నిటారుగా పాడిస్తే ఉండదు. శుభపంతువరాళి లాంటివి సంఘం పాడలేదు, వాటి జోలికి వెళ్లకండి.

జనానికి ఎప్పుడు నేర్పాలి

కొత్త పాటని ఈస్టర్ ఉదయమే మొదటిసారి పాడితే కొయిర్ ప్రోగ్రాం అవుతుంది. శ్రమల దినాల్లో శుక్రవారం కూటాలుంటే, అక్కడ పల్లవి, మొదటి రెండు చరణాలు మాత్రమే పాడించండి. కాగితం మీద కూడా అంతవరకే అచ్చు వేయండి. పాట మధ్యలో ఆగినట్టు ఉందని జనం అంటారు, అననివ్వండి. ఈస్టర్ నాటికి వాళ్లకి శివరంజని గాంధారం గొంతులో కూర్చుని ఉంటుంది. అది కూర్చుంటేనే మారినప్పుడు తెలుస్తుంది.

మల్కాజిగిరి వైపు ఒక సంఘంలో ఇలాగే నేర్పించాం. తీరా ఆ ఉదయం ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న తమ్ముడు మూడు చరణాలూ ఒకే స్లైడ్‌లో పెట్టేశాడు. "పేరు పిలిచెను" అని తెర మీద ముందే కనబడుతుంటే, రెండో చరణంలో "నేనె ఎత్తుకు పోదునయ్యా" దగ్గర సగం మంది పండుగ ఊపులో చప్పట్లు కొట్టారు. అందుకని మూడో చరణం వేరే స్లైడ్, దాని ముందు ఒక ఖాళీ స్లైడ్. "రబ్బూని" వినబడ్డాకే మార్చాలని ఆ తమ్ముడికి కాగితం మీద రాసివ్వండి.

పాస్టర్ గారితో వాక్యపఠనం గురించి కూడా మాట్లాడండి. పాటకి ముందు యోహాను 20:1-18 మొత్తం చదివేస్తే పాటకి చెప్పడానికి ఏమీ మిగలదు. 1 నుంచి 10 వచనాల వరకు, అంటే శిష్యులిద్దరూ ఖాళీ సమాధి చూసి ఇంటికి వెళ్లిపోయే వరకు, చదివి ఆపమనండి. 11 నుంచి 18 వరకు పాటే చెబుతుంది. ప్రసంగానికి కావాలంటే ఆ వచనాలు పాట తర్వాత చదువుకోవచ్చు.

మీరు రాసిన సిలువ చరణాలు పారేయకండి. వాటిని శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధనకి వేరే పాటగా ఇవ్వండి, దానికి వేరే పల్లవి కావాలి. ఈస్టర్ పాటకి కొత్తగా రాసిన రెండో చరణం, మలుపు తర్వాతి చరణం ఇక్కడ పెట్టండి, మాత్రలు లెక్కచూసి చెప్తాను. ట్యూన్ ఫోన్‌లో రికార్డు చేసి పెడితే ఇంకా మంచిది, గాంధారం ఎక్కడ పడుతోందో విని చెప్పొచ్చు.